గురువారం కదిలిన డబ్బు మంగళవారం దాకా ఎక్కడుంది?

తేదీ: 24 ఏప్రిల్ 2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
అంతర్జాతీయ చెల్లింపుల విభాగం

విషయం: కటాఫ్ సమయం దాటాక పంపిన యూరో చెల్లింపును అదే రోజు పూర్తయినట్టు చూపడం, దానివల్ల కలిగిన నష్టం గురించి

అయ్యా / అమ్మా,

మీ బ్యాంకులో నాకున్న యూరో ఖాతా నుంచి ఈ నెల 17న, గురువారం మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలకు 4,900 యూరోలు పంపాను. అందుకోవలసినవారు యూరో ప్రాంతంలో ఉన్న యంత్ర విడిభాగాల సరఫరాదారు. నేను బటన్ నొక్కిన మరుక్షణమే ఖాతాలో ఆ మొత్తం తగ్గింది. తెర మీద ఆకుపచ్చ గుర్తు పక్కన ‘బదిలీ పూర్తయింది, 17 ఏప్రిల్ 2025’ అని కనిపించింది. ఆ డబ్బు సరఫరాదారు ఖాతాలో పడింది మాత్రం 22న, మంగళవారం.

సెలవు రోజున డబ్బు ఎందుకు కదలలేదని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. అది అర్థం చేసుకోగలను. కదలని డబ్బును కదిలినట్టు చూపించారు, ఆ తర్వాత మూడు రోజుల పాటు అదే మాట ఫోనులో కూడా చెప్పారు. నా ఫిర్యాదు దాని గురించి.

సరఫరాదారు బిల్లు 5,000 యూరోలు. 21వ తేదీలోగా సొమ్ము తమ ఖాతాలో పడితే రెండు శాతం తగ్గిస్తామని బిల్లు మీదే రాశారు. గురువారం పంపితే సోమవారం దాకా నాలుగు రోజుల వ్యవధి ఉంది కదా, అదీగాక మీ తెర పని పూర్తయిందనే చెబుతోంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. శుక్రవారం మీ శాఖ మామూలుగానే తెరిచి ఉంది. అటువైపు నుంచి సొమ్ము అందినట్టు కబురు రాకపోవడంతో సాయంత్రం మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. ‘మా వైపు నుంచి డబ్బు వెళ్లిపోయిందండీ, వారి బ్యాంకునే అడగమనండి’ అన్నారు. శనివారమూ ఇదే జవాబు. సోమవారం మరొకరు ఇదే మాట కాస్త విసుగ్గా చెప్పారు. ప్రతిసారీ ఒక రిఫరెన్స్ నంబరు ఇచ్చారు. తర్వాత తెలిసింది, అది మీ లోపలి నంబరట. అవతలి బ్యాంకులో దానికి అర్థమే లేదు. చెల్లింపు సందేశంతో పాటు ప్రయాణించే యూఈటీఆర్ అనే 36 అక్షరాల గుర్తింపు వేరే ఉంటుంది. రెండు వైపులా వెతకడానికి పనికివచ్చేది అదే. దాన్ని నాకు మంగళవారం గానీ ఇవ్వలేదు.

ఈలోపు నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. మీ మాట నమ్మి, డబ్బు వాళ్ల బ్యాంకులోనే ఇరుక్కుందని సరఫరాదారుకు కొంచెం ఘాటుగానే ఉత్తరం రాశాను. ఆయన పండుగ సెలవుల్లో కూడా మర్యాదగా బదులిచ్చారు. తమ బ్యాంకుకు అసలు ఏమీ రాలేదని, వచ్చే అవకాశం కూడా లేదని చెప్పారు. ఆయన చెప్పిందే నిజం.

మంగళవారం పట్టుబట్టి చెల్లింపు సందేశం ప్రతిని తెప్పించుకున్నాను. అందులో ఉన్న ఈ ఒక్క వరుస నాలుగు రోజుల వాదనను తేల్చేసింది:

```
:32A:250422EUR4900,00
```

`:32A:` తర్వాతి ఆరు అంకెలు సంవత్సరం, నెల, రోజు. అంటే ఈ సొమ్ము బ్యాంకుల మధ్య చేతులు మారవలసిన తేదీని మీరే 2025 ఏప్రిల్ 22గా రాశారు. కొత్త తరహా సందేశాల్లో ఇదే తేదీ `IntrBkSttlmDt` అనే పేరుతో ఉంటుంది. మీ ఉద్యోగులు శుక్రవారం, శనివారం, సోమవారం ‘వెళ్లిపోయింది’ అన్న ప్రతిసారీ మీ సొంత రికార్డులో ‘ఇంకా మంగళవారం రాలేదు’ అని రాసి ఉందన్నమాట. ఆ వరుసను ఒక్కరైనా తెరిచి చూశారా అన్నది నా సందేహం.

ఆ 22 ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. యూరోలు చివరికి చేతులు మారేది యూరో ప్రాంత కేంద్ర బ్యాంకులు నడిపే టీ2 అనే వ్యవస్థలో. మీకు అందులో నేరుగా ఖాతా లేదు. అక్కడున్న ఒక ప్రతినిధి బ్యాంకులో మీరు యూరోల ఖాతా ఉంచుకున్నారు. మీరు పంపే సందేశం ‘మా ఖాతా నుంచి తీసి ఫలానా వారికి ఇవ్వండి’ అని ఆ బ్యాంకుకు రాసే చీటీ లాంటిది. చీటీ చేరడం వేరు, డబ్బు చేరడం వేరు. చీటీ క్షణాల్లో చేరుతుంది. డబ్బు మాత్రం టీ2 తెరిచి ఉన్న రోజునే కదులుతుంది. టీ2కి శని, ఆదివారాలతో పాటు జనవరి 1, గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ సోమవారం, మే 1, డిసెంబరు 25, 26 సెలవులు. ఈ ఏడాది గుడ్‌ఫ్రైడే ఏప్రిల్ 18న వచ్చింది, ఈస్టర్ సోమవారం 21న. మధ్యలో శని, ఆదివారాలు. మొత్తం వరుసగా నాలుగు రోజులు తలుపులు మూసి ఉన్నాయి.

మీ కటాఫ్ సమయం మధ్యాహ్నం 2 గంటలు. ఆ లోపు అందిన యూరో చెల్లింపులను అదే రోజు తేదీతో పంపుతామని మీ నిబంధనల్లో ఉంది. నేను 40 నిమిషాలు ఆలస్యమయ్యాను. ఆ నిబంధనల పత్రంలో రుసుముల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఈ సంగతి ఉంది, వెతికితే దొరికింది. కటాఫ్ ఎందుకు పెడతారో కూడా ఊహించగలను. తనిఖీలు చేయాలి, ప్రతినిధి బ్యాంకులో తగినంత నిల్వ ఉందో చూడాలి, ఆ బ్యాంకుకు తనదైన గడువు ఒకటి ఉంటుంది. ఖాతాదారుల చెల్లింపులను టీ2 కూడా మధ్య ఐరోపా సమయం ప్రకారం సాయంత్రం 5 వరకే తీసుకుంటుంది. ఇవన్నీ వెనక్కి లెక్కించుకుంటూ వస్తే మీ 2 గంటలు తేలి ఉంటాయి. దానితో నాకు పేచీ లేదు.

పేచీ ఆ తర్వాతి వాక్యంతోనే. కటాఫ్ దాటాక వచ్చిన ఆదేశాన్ని ‘తదుపరి పనిదినాన అందినట్టు పరిగణిస్తాము’ అని రాశారు. ఎవరి పనిదినం? శుక్రవారం మీకు పనిదినమే. ఆ రోజు మీ శాఖలో మనుషులు పనిచేశారు, నా ఫోను ఎత్తారు. యూరోకు మాత్రం అది సెలవు. ఇలాంటి చెల్లింపు కదలాలంటే మీ క్యాలెండరు, ఆ కరెన్సీ క్యాలెండరు, అందుకునే బ్యాంకు క్యాలెండరు మూడూ ఒకేసారి తెరిచి ఉండాలి. మీ వాక్యం చదివిన ఖాతాదారుకు మొదటిది మాత్రమే తెలుస్తుంది. నేను 1 గంట 59 నిమిషాలకు నొక్కి ఉంటే డబ్బు గురువారం తేదీతోనే వెళ్లేది. నలభై నిమిషాల ఆలస్యం ఐదు రోజులైంది. ఈ గుణకారం మీ కంప్యూటర్‌కు ఆ క్షణంలోనే తెలుసు, తెలియకపోతే సందేశంలో 22 అని వేసేదే కాదు. తెలిసిన తేదీని సందేశంలో రాసి, నా తెర మీద 17 అని చూపడాన్ని ఏమనాలి?

ఇక ఖాతా సంగతి. మీ నిబంధన ప్రకారమే చూసినా నా ఆదేశం గురువారం మీకు అందలేదు. అందనట్టు భావించే ఆదేశానికి గురువారమే నా ఖాతాలో 4,900 యూరోలు ఎలా తీసుకున్నారు? ఐరోపా సమాఖ్య 2015లో తెచ్చిన చెల్లింపు సేవల డైరెక్టివ్ అనే చట్టంలో 78వ అధికరణ ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టింది. బ్యాంకు రోజు చివర్లో కటాఫ్ పెట్టుకోవచ్చు, ఆ తర్వాత వచ్చినదాన్ని తదుపరి పనిదినాన అందినట్టు లెక్కించవచ్చు. అయితే ఆదేశం అందకముందే చెల్లించేవారి ఖాతా నుంచి సొమ్ము తీయకూడదు. మీరు ఆ చట్టం పరిధిలో లేరని తెలుసు. అక్కడి నుంచి కటాఫ్‌ను మాత్రం తెచ్చుకుని, దాని జతను వదిలేసినట్టుంది అని చెప్పడానికే ప్రస్తావించాను. పొరపాటున రెండుసార్లు పంపకుండా సొమ్మును పక్కన పెట్టి ఉంచడం సబబే. అలా ఉంచిన సొమ్ముకు 22 దాకా వడ్డీ నాదే కావాలి. మీ రెండు శాతం రేటుతో ఐదు రోజులకు అది 1 యూరో 34 సెంట్లు. నవ్వొచ్చే మొత్తమే. నవ్వు రాని విషయం ఏమిటంటే, ఆ ఐదు రోజులూ నా 4,900 యూరోలు నా ఖాతాలో లేవు, సరఫరాదారు ఖాతాలోనూ లేవు, మీ దగ్గరే ఉన్నాయి.

నష్టం సంగతికి వస్తాను. 21 దాటింది గనుక సరఫరాదారు తగ్గింపు రద్దు చేసి మిగతా 100 యూరోలు అడిగారు. ఆయనది తప్పు కాదు. గడువు లోపల ముందే ఒక మాట చెప్పి ఉంటే మంగళవారం దాకా పొడిగించేవాళ్లమని రాశారు కూడా. నాకు 22 అని తెలిసి ఉంటే ఆ మాట గురువారం మధ్యాహ్నమే చెప్పేవాణ్ని. ఆ 100 యూరోలు పంపడానికి మీరు మళ్లీ 15 యూరోల రుసుము తీసుకున్నారు. ఈసారి ఉదయం పదింటికే పంపాను, అదే రోజు చేరింది.

కాబట్టి మీరు చేయవలసినవి: తప్పుడు సమాచారం వల్ల పోయిన 100 యూరోలు, రెండో బదిలీ రుసుము 15 యూరోలు నా ఖాతాకు జమ చేయండి. 17వ తేదీ డెబిట్‌కు విలువ తేదీని, అంటే వడ్డీ లెక్కకు తీసుకునే తేదీని, 22గా సరిదిద్ది, వడ్డీ తేడా సర్దండి. సెంట్లతో సహా సర్దండి, ఆ సవరణ నా స్టేట్‌మెంట్‌లో కనిపించాలి.

ఇంకొకటి, నా ఒక్కడి కోసం కాదు. వచ్చే గురువారం మే 1. టీ2కి సెలవు. బుధవారం 2 గంటలు దాటాక మీ దగ్గర యూరోలు పంపేవారి డబ్బు శుక్రవారం, మే 2న గానీ కదలదు. వారికీ ‘బదిలీ పూర్తయింది, 30 ఏప్రిల్’ అనే కనిపిస్తుంది, మీరు ఈలోపు మార్చకపోతే. బటన్ నొక్కకముందే డబ్బు నిజంగా చేతులు మారే తేదీని తెర మీద చూపండి. నొక్కాక ‘పూర్తయింది’ బదులు ‘ఆదేశం స్వీకరించాము, సెటిల్‌మెంట్ ఫలానా తేదీన’ అని రాయండి. ఇందుకు కొత్త యంత్రాంగం ఏమీ అక్కర్లేదు. ఆ తేదీని మీరు ఇప్పటికే సందేశంలో రాస్తున్నారు. అప్పటిదాకా కస్టమర్ కేర్‌లో ఉన్నవారికి కనీసం ఆ 32A వరుస చదవడం నేర్పండి.

సందేశం ప్రతి, గురువారం నాటి తెర చిత్రం, సరఫరాదారు బిల్లు, మూడు ఫోను సంభాషణల తేదీలు, సమయాలు ఈ లేఖకు జతపరిచాను. జవాబు లిఖితపూర్వకంగా పంపగలరు. ఫోనులో మాత్రం వద్దు.

ఇట్లు,
మీ ఖాతాదారు