శ్రావణం ఆర్డర్లు గట్టెక్కించిన అందరికీ కృతజ్ఞతలు

అనంతపురంలో నా టైలరింగ్ షాపు తెలిసినవాళ్లందరికీ నమస్కారం. శ్రావణమాసం పెళ్లిళ్ల బ్లౌజులన్నీ టైముకు ఇచ్చేశాం. అందుకు ముందుగా థ్యాంక్స్ చెప్పాల్సింది మా పాతూరు మాస్టర్‌కు. కళ్లు సరిగా కనపడక ఆయన మిషన్ మానేశారు కానీ, లెక్క మాత్రం మానలేదు.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి షాపు ఖాళీగా ఉంటుంది. శ్రావణానికి ప్లాన్ వేసుకోవాల్సింది అప్పుడే. మాస్టర్ వచ్చి, "రోజుకు ఎన్ని కుడతావమ్మా?" అని అడిగారు. నేను, నా హెల్పర్ కలిసి లైనింగ్ బ్లౌజులు ఎనిమిది కుడతామన్నాను. "మరి ఎన్నింటికి హెమ్మింగ్, హుక్కులు అయిపోతాయి?" అన్నారు. ఐదింటికే. అంటే రోజుకు మూడు చొప్పున చేతిపని మిగిలిపోతుంది. పది రోజులకు ముప్పై బ్లౌజులు హుక్కుల్లేకుండా కుప్ప పడతాయి. మిషన్ ఇంకోటి కొన్నా ఆ కుప్ప పెరుగుతుందే గానీ తగ్గదు.

అందుకే మా వీధిలో ఇద్దరు అక్కలను అడిగాను. మధ్యాహ్నం ఇంటిపని అయ్యాక చేతిపని వాళ్లు చేసిపెట్టారు. అక్కలూ, మీ వల్లే కుప్ప పడలేదు! డబ్బులు ఇచ్చాననుకోండి, అయినా వరలక్ష్మీ వ్రతం ముందురోజు కూడా సూది పట్టుకుని కూర్చోవడానికి డబ్బు ఒక్కటే చాలదు.

మాస్టర్ చెప్పిన ఇంకో మాట ధర్మవరం పట్టుచీరల పెళ్లి ఆర్డర్‌కు బాగా పనికొచ్చింది. పద్దెనిమిది బ్లౌజులు, అందులో నాలుగింటికి మగ్గం వర్క్. వాళ్లు చెప్పింది ముహూర్తం తేదీ. కానీ మొదటి బ్లౌజు కావాల్సింది పెళ్లికూతుర్ని చేసే రోజుకు, అది రెండు రోజులు ముందే. మేము ఆ రోజు నుంచి వెనక్కి లెక్కేశాం. ట్రయల్ తర్వాత సరిచేయడానికి నాలుగు రోజులు, కుట్టుకు మూడు, మగ్గానికి పది రోజులు పోతే, కొలతలు ఏ తేదీలోపు రావాలో తేలిపోయింది.

మగ్గం బ్లౌజును ముందే కత్తిరించకూడదు. ఆది బ్లౌజు పెట్టి మెడ, చేతులు గీసి, గుడ్డను కత్తిరించకుండా అలాగే మగ్గానికి పంపాలి. బిగించి పని చేశాక గుడ్డ కాస్త లాగుతుంది, అందుకే తిరిగొచ్చాక మళ్లీ కొలిచి కట్ చేస్తాం. కాటన్ లైనింగ్ అయితే ఆషాఢంలోనే నీళ్లలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పెట్టుకున్నాం. తడపకపోతే మొదటి ఉతుకుకే లైనింగ్ ముడుచుకుపోయి పైన పట్టు ఉబ్బుతుంది.

మగ్గం అన్నకు, అడగ్గానే ఆది బ్లౌజులు పంపిన పెళ్లివాళ్లకు కూడా థ్యాంక్స్. చీరలేమో ఆషాఢం డిస్కౌంట్‌లోనే కొనేసి, బ్లౌజు పీసు మాత్రం శ్రావణం సగమయ్యాక తెచ్చే కస్టమర్లకు ఒక మనవి. కార్తీకంలో పెళ్లిళ్లుంటే, మగ్గం వర్క్ ఉన్నవి దసరాలోపు ఇచ్చేయండి. ఆ తర్వాత వస్తే మామూలు బ్లౌజులు మాత్రమే తీసుకుంటాను.