మహేంద్రగిరి నుంచి మా టీచరుగారిని మోసి దించిన వాళ్లందరికీ దండాలు

నేను పర్లాకిమిడిలో ట్రెక్కింగ్ గైడును. మొన్న ఆదివారం మధ్యాహ్నం రెండున్నర దాటాక, భీముడి గుడి నుంచి బురఖత్ వైపు దిగే అడవిదారిలో మా బృందంలోని ఒక టీచరుగారు నాచు పట్టిన రాయి మీద జారి పడ్డారు. కుడికాలు చీలమండ పైన వంకర తిరిగిపోయింది. తలకు, వెన్నుకు దెబ్బ లేదని ముందు తడిమి, అడిగి చూసుకున్నాను. బూటు లేసులు వదులు చేసి, బూటూ సాక్సూ మెల్లగా తీసి, పడుకునే మ్యాట్‌ను కాలి చుట్టూ చుట్టి, చున్నీలతో కట్టాం. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడింది. రక్తం ఆడుతోందన్న మాట. దారి పొడవునా అదే చూస్తూ వచ్చాను. గోరు తెల్లగానే ఉండిపోయినా, వేళ్లు మొద్దుబారినా కట్టు వదులు చేయాలి.

అక్కడ సిగ్నల్ లేదు. తోటి గైడును ఆవిడ దగ్గర ఉంచి, పావుగంట పైకెక్కి బురఖత్‌లోని టీకొట్టు అన్నకు మెసేజ్ పెట్టాను. తప్పు అక్కడే చేశాను. కంగారులో ఆవిడ పడిన చోటి జీపీఎస్ అంకెలను 18.97, 84.37 అని, చుక్క తరవాత రెండేసి అంకెలే పంపాను. చుక్క తరవాతి రెండో అంకెలో ఒక్కటి మారితే నేల మీద కిలోమీటరు తేడా వస్తుంది, అడవిలో అది పొద్దుగూకేదాకా వెతుకులాటే. అన్న వెంటనే ఫోన్ చేసి, "తమ్ముడూ, ఇది కొండంతా అవుతుంది, మొత్తం చదువు" అన్నాడు. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి, పడిన చోటే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను. అందులో చుక్క తరవాత ఉన్న ఐదేసి అంకెలూ, "వాగు దాటాక, ఎడమ చేతి వైపు పడిపోయిన పెద్ద చెట్టు" అన్న గుర్తూ చదివి చెప్పాను. అన్నా, నువ్వు అడగకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడమంటోంది.

గంటలోపే ఆరుగురు సవర తమ్ముళ్లు వెదురు బొంగు, దుప్పటితో వచ్చి డోలీ కట్టారు. వెన్నుకు దెబ్బ తగిలి ఉంటే డోలీ వద్దనేవాణ్ని, నడుము వంగిపోతుంది కాబట్టి. స్ట్రెచర్ వచ్చేదాకా కదపకుండా ఉంచేవాళ్లం. ఇద్దరిద్దరుగా భుజం మార్చుకుంటూ మోశారు. ఒక తమ్ముడు తన తువ్వాలు మడతపెట్టి ఆవిడ మోకాలి కింద పెట్టాడు. ఆ తరవాత ఆవిడ ఒక్కసారి కూడా అరవలేదు.

చీకటి పడకముందే రోడ్డెక్కించాం. 108 అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఆపరేషన్ అవసరం కావచ్చని ఆవిడకు తినడానికి ఏమీ ఇవ్వలేదు, ఆ సంగతి అంబులెన్సు తమ్ముడికి చెప్పాను. పర్లాకిమిడిలో ఎక్స్‌రే తీసి, రెండు ఎముకలూ విరిగాయని రాత్రికే బరంపురం పంపారు. మర్నాడు ఆపరేషన్ అయింది.

టీకొట్టు అన్నకు, డోలీ మోసిన ఆరుగురికి, 108 వాళ్లకు, రెండు ఆసుపత్రుల సిబ్బందికి మా బృందం తరఫున చేతులెత్తి నమస్కారం. తమ్ముళ్లూ, మీ దుప్పటి, తువ్వాలు నా దగ్గరే ఉన్నాయి. ఉతికి పెట్టాను, వచ్చే ఆదివారం తెచ్చిస్తాను.