ఒకటి తర్వాత పదో పేజీ: మా వల్ల జరిగిన పొరపాటు

"పద్నాలుగు పేజీలూ ఉన్నాయండీ, కానీ మొదటి పేజీ తర్వాత పదో పేజీ వచ్చింది. ఇదెలా చదవాలి?"

మేం పంపిన పీడీఎఫ్ తెరిచి ఒక కస్టమర్ అడిగిన మాట ఇది. తప్పు మాదే. ఆయన చేతిరాత నోట్సును ఫోన్‌తో ఫొటోలు తీసి, `1.jpg` నుంచి `14.jpg` దాకా పేర్లు పెట్టి మరీ పంపారు. కంప్యూటర్ ఫోల్డర్‌లో అవి వరసగానే కనిపించాయి. అన్నీ కలిపి పీడీఎఫ్ చేశాం, పేజీలు లెక్కపెట్టాం, పద్నాలుగు వచ్చాయి, పంపేశాం. లెక్క సరిపోయినంత మాత్రాన వరస సరిపోయినట్టు కాదని అప్పుడు తట్టలేదు.

జరిగింది ఇదీ. ఫోల్డర్ అయితే ఫైళ్ల పేర్లలోని అంకెలను సంఖ్యలుగా చూసి పేరుస్తుంది. మేం వాడిన కలిపే ప్రోగ్రామ్ మాత్రం నిఘంటువులో మాటల్లా ఒక్కో అక్షరమే పోల్చింది. 10, 11 కూడా "1"తోనే మొదలవుతాయి కాబట్టి దాని లెక్కలో అవి 2 కంటే ముందు. అలా 1, 10, 11, 12, 13, 14, 2, 3 అంటూ సాగి చివర 9 మిగిలింది. కాగితాల మీద పేజీ నంబర్లు లేవు, మాకు కంటికి ఏమీ ఆనలేదు. మొదటి పేజీ చివరి వాక్యం రెండో పేజీలో కొనసాగుతోందా అని ఒక్కసారి చూసుంటే అక్కడే దొరికిపోయేది.

ఇకమీదట విడి ఫొటోలు వస్తే 01, 02 అని రెండంకెల్లో పేర్లు మార్చాకే కలుపుతాం. వందకు చేరితే 001.

అసలు విడి ఫొటోలు లేకుండా చేస్తే ఈ గొడవే ఉండదు. ఫోన్‌లో కెమెరా బదులు స్కాన్ యాప్ తెరవండి. మొదటి పేజీ తీశాక సేవ్ చేయకుండా, పేజీ జోడించే గుర్తు నొక్కి రెండోది తీయండి. అన్నీ అయ్యాకే ఒక్కసారి సేవ్ చేస్తే తీసిన వరసలోనే ఒకే ఫైలు వస్తుంది. రెండు వైపులా రాసిన కాగితమైతే ముందు వైపు తీయగానే తిప్పి వెనక వైపు తీయండి. ముందు వైపులన్నీ అయ్యాక కట్టను ఒక్కసారిగా తిరగేస్తే వెనక పేజీలు చివరి నుంచి మొదటికి వస్తాయి. విడదీయడానికి మాకో పూట పట్టింది ఓసారి.

తనంతట తానే క్లిక్‌మనే ఆటో సదుపాయం ఆపేయడం మేలు. కాగితం తిప్పుతుంటేనే ఫొటో తీసేసి, మన చేతివేళ్లను కూడా ఒక పేజీ చేస్తుంది.

సేవ్ చేసే ముందు చిన్న బొమ్మలుగా పేజీలన్నీ కనిపిస్తాయి. వరస తప్పినదాన్ని చాలా యాప్‌లలో అక్కడే నొక్కిపట్టి జరపొచ్చు.

పది లేదా అంతకు మించి విడి ఫొటోలు ఇదివరకు మాకు పంపినవాళ్లు మీ ఫైలులో రెండో పేజీ తెరిచి చూడండి. అక్కడ పదోది ఉంటే చెప్పండి, డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిస్తాం.