డబ్బా మీద ‘లా’ కాదు, ‘లో’

సంపాదక మహాశయులకు,

మన మామిడి గుజ్జు ఇటలీ అంగళ్లకు చేరిందంటూ పోయిన వారం మీ వ్యాపార పేజీలో వేసిన వార్తకు సంతోషమే. ‘లేబుల్ కూడా అచ్చమైన ఇటాలియన్‌లో’ అని ఫొటో కింద మురిసిపోయారు చూడండి, అభ్యంతరమల్లా దానితోనే. ఆ లేబుల్‌లో మూడు వాక్యాలుంటే మూడూ మూడు దారులు పట్టాయి.

మొదటిది ‘ఆజితా బేనె’. అంటే ‘బాగా కుదుపు’. నువ్వు అని పిలిచే చనువున్న మనిషికి చెప్పే మాట. రెండోది ‘త్రస్ఫెరిస్కా’, అంటే ‘మార్చండి’, ఇది మర్యాద. మూడోది ‘కొన్సెర్వార్లా’, అంటే ‘దాన్ని భద్రపరచుట’, ఎవరినీ పిలవని మాట. ఇటలీలో డబ్బాల మీదా తలుపుల మీదా పద్ధతిగా వాడేది ఈ మూడో రకమే: అజితారె, కొన్సెర్వారె, స్పింజెరె (తోయుట). మన పాత బోర్డుల మీద ‘తోయవలెను, లాగవలెను’ అన్నట్టే ఇక్కడా మనిషితో పని లేదు.

ఇక ఆ మూడో మాట తోక సంగతి. ఇంగ్లిషులో ‘ఇట్’ అనే మాటకు లింగం లేదు. ఇటాలియన్‌లో అది క్రియ చివరన అతుక్కుంటుంది: పుంలింగానికి ‘లో’, స్త్రీలింగానికి ‘లా’. అతికేటప్పుడు కొన్సెర్వారెలో చివరి ‘ఎ’ పోయి కొన్సెర్వార్లో, కొన్సెర్వార్లా అవుతుంది. లేబుల్ చెప్పాల్సింది ‘డబ్బా తెరిచాక లోపలిది గాజుగిన్నెలోకి మార్చి దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి’ అని. లోపలిది అంటే ‘కొంతెనూతో’, పుంలింగం. డబ్బా అంటే ‘లత్తీనా’, స్త్రీలింగం. కనుక ‘లా’ అనగానే ఫ్రిజ్‌లో పెట్టమన్నది డబ్బాను! గుజ్జు పులుపు. తెరిచిన డబ్బాలో వదిలేస్తే లోపలి లోహం అందులోకి దిగి రుచి చెడుతుంది. అందుకే గాజుగిన్నె అన్నారు. ఆ జాగ్రత్తను ఒక్క అక్షరం తలకిందులు చేసింది.

తప్పు ఎలా దొర్లిందో ఊహించడం కష్టం కాదు. ఎక్సెల్ పట్టికలో వాక్యానికో గడి చేసి అనువాదకుడికి పంపుతారు. ‘కీప్ ఇట్ రిఫ్రిజిరేటెడ్’ అన్న గడి ఒక్కటీ చూసినవాడికి ‘ఇట్’ అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? గుజ్జుకు ఇటాలియన్ మాట ‘పోల్పా’, స్త్రీలింగం. అది మనసులో పెట్టుకుని ‘లా’ తగిలించి ఉంటాడు. ఆ మూడు వాక్యాల్లో పోల్పా అన్న మాటే లేదు మరి.

దీన్ని మర్యాదగా రాయబోయినా గోతిలో పడతారు. నువ్వు అనేటప్పుడు సర్వనామం వెనక అతుకుతుంది: ‘కొన్సెర్వలో’. మర్యాదగా మీరు అనేటప్పుడు ముందుకొచ్చి విడిగా నిలబడుతుంది: ‘లో కొన్సెర్వి’. దాన్నీ వెనక అతికించి ‘కొన్సెర్విలో’ అని రాస్తే ఇటలీ పిల్లలు కూడా నవ్వుతారు. వద్దు అని చెప్పేటప్పుడు మాత్రం ఈ గొడవ బయటపడదు. ‘నోన్ తొక్కారె’ అంటే ‘ముట్టుకోకు’, ‘ముట్టరాదు’ రెండూ అవుతాయి. నిషేధాల బోర్డులు మాత్రమే చూసి అనువాదం బాగుందని సంతకం పెట్టే అధికారులకు అదొక అదృష్టం.

వినియోగదారుడికిచ్చే సమాచారం కనీసం ఇటాలియన్‌లోనైనా ఉండాలని 2005 నాటి ఇటలీ వినియోగదారుల స్మృతి 9వ అధికరణం చెబుతోంది. కాబట్టి ఇది అలంకారం కాదు. చేయాల్సింది పెద్ద పనేమీ కాదు కూడా. లేబుల్ మొత్తం ఒకే కాగితం మీద, డబ్బా బొమ్మతో సహా అనువాదకుడికి ఇవ్వాలి. అచ్చుకు ముందు క్రియల తోకలు వరసగా చూడాలి. అన్నీ రె, ర్లో, ర్లా, ర్సి అని ముగియాలి. ‘లో’, ‘లా’ ఉన్నచోట దానికి ముందున్న ఏ నామవాచకం గురించి చెబుతున్నారో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే సర్వనామం తీసేసి ఆ వస్తువు పేరే రాయడం మేలు.

ఆ ‘ర్సి’ మనకు కొత్తేమీ కాదు. ‘లవార్సి లె మాని’ అంటే ‘చేతులు కడుక్కోవాలి’. మన ‘కో’ చేసే పనే అక్కడ ‘సి’ చేస్తుంది. ఇంగ్లిషు ముందు పెట్టుకుని రాసేవాడు దాన్ని ‘లావా లె తువె మాని’ చేస్తాడు, ‘నీ యొక్క చేతులను కడుగు’ అన్నట్టు. నవ్వకండి. మన ఆసుపత్రుల్లో, రైల్వే స్టేషన్లలో ‘మీ చేతులను కడగండి’ అని ఉన్నదేమిటి? ఎవరి చేతులు ఎవరు కడగాలట? ఏటా ఆగస్టు 29న వేదికలెక్కి తెలుగును ‘తూర్పు దేశపు ఇటాలియన్’ అని పొగిడే పెద్దలు రెండు భాషలనూ ఒకే తీరున పాడుచేయిస్తున్నారు. తక్కువ రేటు వేసినవాడికే టెండరు, సరిచూసేవాడికి పైసా లేదు.

ఆ సంస్థ తర్వాతి విడత లేబుళ్లు ఇంకా అచ్చు వేయకపోతే మూడో వాక్యం ఇలా ఉండాలని మీ విలేకరి ద్వారా చెప్పించండి: ‘కొన్సెర్వార్లో ఇన్ ఫ్రిగొరీఫెరో’.

ఇట్లు,
ఒక పాఠకుడు, చిత్తూరు