ఇంగ్లీషు మెసేజ్‌ని ఉన్నదున్నట్టు తెలుగులో రాసిచ్చిన మాస్టారికి కృతజ్ఞతలు

మా నాన్నగారి ఫోన్‌కి వచ్చిన ఒక ఇంగ్లీషు మెసేజ్‌ని తెలుగులో రాసిచ్చి, అది నిజమో మోసమో ఆయనంతట ఆయనే తేల్చుకునేలా చేసిన మా ఊరి రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారికి ఈ పోస్టు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ముమ్మిడివరం చుట్టుపక్కల హైస్కూల్లో చదువుకున్నవాళ్లకి ఆయనెవరో ఎలాగూ తెలిసిపోతుంది. మాస్టారూ, మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం.

ఆ మెసేజ్ సాయంత్రం నాలుగు దాటాక వచ్చింది. ఈ రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు తీసేస్తామన్నది అందులోని సంగతి. ఇంటి కరెంటే అయితే నాన్న అంత కంగారుపడేవారు కాదు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. వనామి చెరువులో రాత్రిపూట నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాల్సిందే. పగలు నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఇవ్వకపోగా, అది కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది. పైగా మా చెరువు పట్టుబడికి దగ్గరలో ఉంది. రొయ్య బరువెక్కి, మేత గట్టిగా తినే ఆ దశలో ఏరియేటర్లు గంటల తరబడి ఆగిపోతే రొయ్యలు పైకి తేలడం మొదలుపెడతాయి. ఇక అప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు. జనరేటర్ ఉంది కానీ, కరెంటు మళ్లీ ఎప్పుడిస్తారో తెలియకుండా డీజిల్ మీద ఎన్ని రాత్రులు నెట్టుకొస్తారు?

ఆ మెసేజ్ పంపినవాళ్లకి నాన్న ఆక్వా రైతని తెలియదు. ఇంచుమించు ఇవే మాటలతో దేశమంతా కొన్నేళ్లుగా పంపుతున్నారు. కాకపోతే మా డెల్టాలో చెరువు గట్టు మీద నిలబడి చదివే మనిషికి ఆ ఒక్క వాక్యం చాలు, కాళ్లూ చేతులూ ఆడవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గత నెల బిల్లు నేను విశాఖలో ఉండి నా ఫోన్ నుంచి కట్టాను. కాగితం రసీదంటూ నాన్న చేతిలో ఏమీ లేదు. మెసేజ్‌లో సరిగ్గా "గత నెల బిల్లు" అనే ఉంది. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తాను, డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోన్ లాకర్‌లో ఉంటుంది. నాన్న నాకు ఫోన్ చేసి, నేను ఎత్తకపోయేసరికి ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టారు. మా తమ్ముడు వరసవాడు ఒకడు బస్సులో ఉండి చూసి, "కరెంటు తీసేస్తారంట పెదనాన్నా, ఆఫీసర్ నంబర్ ఇచ్చారు, ఒకసారి మాట్లాడు" అని రాశాడు. పిల్లాడు సాయం చేద్దామనే రాశాడు. కానీ అలా ఒక్క ముక్కలో చెప్పేసరికి మెసేజ్‌లో అనుమానించదగ్గవన్నీ రాలిపోయి, ఆఫీసు కబురులాగే వినిపించింది. నాన్న ఆ నంబరుకి ఫోన్ చేయబోతూ, ఎందుకైనా మంచిదని మాస్టారింటికి వెళ్లారు.

మాస్టారు మొదట అనువాదం జోలికి వెళ్లలేదట. "పైభాగం లేదు కదండీ, మళ్లీ తీయండి" అన్నారట. నాన్న మెసేజ్ ఉన్నంతవరకే కత్తిరించి పెట్టారు. మళ్లీ మొత్తం తెర కనపడేలా తీస్తే, పైన పంపినవాళ్ల నంబరు, కింద వచ్చిన సమయం కనిపించాయి. అప్పుడు కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాశారు. ఆ కాగితం ఫొటో నా దగ్గరుంది. అందులో ఉన్నది ఇదీ:

"పంపినవారు: ప్లస్ 91తో మొదలయ్యే మామూలు పది అంకెల సెల్ నంబరు. సంస్థ పేరు లేదు. వచ్చిన సమయం: సాయంత్రం 4.12.

ప్రియమైన వినియోగదారుడా మీ విద్యుత్ కరెంటు ఈ రాత్రి 9.30కి విద్యుత్ ఆఫీసు నుండి తీసివేయబడును. ఎందుకనగా మీ గత నెల బిల్లు అప్‌డేట్ కాలేదు. దయచేసి వెంటనే మా విద్యుత్ ఆఫీసరును ఈ నంబరులో సంప్రదించండి (ఇక్కడ ఇంకో సెల్ నంబరు ఉంది, పైనున్నది కాదు). ధన్యవాదాలు.

మెసేజ్‌లో ఉన్నది ఇంతే. కింద రాసేది నా మాట."

ఆ చివరి వాక్యం దగ్గర గీత గీసి, దాని కింద "ఇందులో లేనివి" అని రాశారు. మీ పేరు లేదు. సర్వీసు నంబరు లేదు. ఎంత కట్టాలో లేదు. ఎప్పటిలోగా కట్టాలో తేదీ లేదు. ఏ ఊరి ఆఫీసో, ఏ సెక్షనో లేదు. ఆఫీసరు పేరు, హోదా లేవు.

"విద్యుత్ కరెంటు" అన్నది తెలుగులో ఎంత ఎబ్బెట్టుగా ఉందో ఇంగ్లీషులోనూ అంతే ఉందట. ఆయన కావాలనే సరిచేయకుండా ఉంచారు. ఇంత భాష తెలిసిన మనిషి, చక్కగా దిద్ది ఇవ్వగలిగి కూడా, అసలు ఎలా ఉందో అలాగే నాన్న ముందు పెట్టారు. ఇది నాకు చాలా గొప్పగా అనిపించింది. దిద్ది ఉంటే అది ఆఫీసు ఉత్తరంలా తయారయ్యేది. అయితే తప్పుల్ని బట్టి మాత్రమే మోసమని తేల్చకూడదని కూడా నాన్నతో అన్నారట. నిజమైన ఆఫీసుల నుంచి వచ్చే మెసేజ్‌లలోనూ తప్పులుంటాయి, ఒక్క తప్పూ లేకుండా రాసే మోసగాళ్లూ ఉంటారు. అంతకన్నా లేనివాటినే చూడమన్నారు.

"ఇది దొంగ మెసేజ్ అని మాస్టారు చెప్పారా?" అని నేను తర్వాత అడిగితే నాన్న, "లేదమ్మా, ఇందులో ఏముందో నేను చెప్పాను, మీ బిల్లు సంగతి మీకు తెలియాలి అన్నారు" అని చెప్పారు. ఆ కాగితం చదువుకున్నాక నాన్నకే వెలిగింది. మా చెరువు మీటరు, ఇంటి మీటరు రెండు వేర్వేరు సర్వీసులు. చెరువుది ఇప్పటికీ తాతయ్య పేరు మీదే ఉంది. నిజంగా ఆఫీసువాళ్లే పంపితే ఏ సర్వీసు బిల్లు కట్టలేదో చెప్పకుండా ఎలా ఉంటారు? రెండోది, మా దగ్గర కరెంటు బాకీ ఉంటే ముందు వచ్చేది లైన్‌మ్యానే. ఆయన నంబరు నాన్న ఫోన్‌లో ఎప్పటినుంచో ఉంది. మెసేజ్‌లోని నంబరు వదిలేసి ఆయనకి ఫోన్ చేశారు. పాత బిల్లు మీదున్న సర్వీసు నంబరు చదివితే ఆయన చూసి, "బాకీ ఏం లేదండీ. తీయాలంటే నేనే మీ గట్టు మీదకి రావాలి కదా" అన్నారు. అక్కడితో తేలిపోయింది. ఆ సాయంత్రం వెంటనే ఫోన్ ఎత్తిన లైన్‌మ్యాన్ గారికీ మా ధన్యవాదాలు. ఆయన దొరకకపోయి ఉంటే కరెంటు సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి అడగాలని మాస్టారు ఆ కాగితం మీదే రాసి ఉంచారు.

డ్యూటీ అయ్యాక నేనూ ఈ విషయం కాస్త చదివాను. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 56 ప్రకారం, బిల్లు కట్టలేదని కనెక్షన్ తీయాలంటే కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. సాయంత్రం చెప్పి అదే రాత్రి తీసేయడం అన్నది ఆ పద్ధతిలో లేదు. మరి తొమ్మిదిన్నర ఎందుకు పెడతారంటే, మెసేజ్ చేరేసరికి ఆఫీసులు మూసే వేళవుతుంది. వెళ్లి అడిగే దారి ఉండదు. చేతిలో మిగిలేది వాళ్లిచ్చిన నంబరొక్కటే.

ఆ నంబరుకి ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాలి, ఎందుకంటే మెసేజ్‌లో డబ్బు మాటే లేదు, లింకు కూడా లేదు, అందుకే చాలామందికి భయం వేయదు. ఫోన్ ఎత్తినవాడు మర్యాదగా మాట్లాడతాడు. మీరు బిల్లు కట్టారు, మా సిస్టమ్‌లో అప్‌డేట్ కాలేదంతే అంటాడు. పది రూపాయలు కడితే సరిపోతుందంటాడు. దానికోసం ఒక యాప్ వేసుకోమంటాడు. ఆ యాప్‌తో మన ఫోన్ తెర వాడికి కనిపిస్తుంది, లేదా మనకొచ్చే మెసేజ్‌లు వాడికి చేరతాయి. పది రూపాయలు కట్టడానికి మనం కొట్టే కార్డు వివరాలు, పిన్, ఆ తర్వాత వచ్చే ఓటీపీ అన్నీ వాడి కళ్ల ముందే ఉంటాయి. అక్కడి నుంచి ఖాతా ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు. నాన్న ఖాతాలో అప్పుడు మేత కొట్టుకి కట్టాల్సిన డబ్బుంది.

పంపినవాళ్ల నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్ తీయించడం ఎంత ముఖ్యమో కూడా నాకు అప్పుడే అర్థమైంది. బ్యాంకులు, కరెంటు సంస్థలు పంపే మెసేజ్ పైన పది అంకెల సెల్ నంబరు ఉండదు. ముందు రెండు అక్షరాలు, ఒక గీత, ఆ తర్వాత సంస్థని సూచించే అక్షరాలు ఉంటాయి. 2025 నుంచి వాటి చివర ఇంకో గీత పెట్టి S, T, P, G అక్షరాల్లో ఒకటి చేరుస్తున్నారు. G అంటే ప్రభుత్వానిది, P అంటే ప్రకటన. ఆ అక్షరాలు కనిపించాయి కదా అని లోపలున్న లింకు నొక్కేయమని కాదు. కానీ కరెంటు ఆఫీసు పేరు చెప్పి మామూలు సెల్ నంబరు నుంచి వస్తే మాత్రం అక్కడే ఆగిపోవచ్చు. పైభాగం కత్తిరించిన స్క్రీన్‌షాట్‌లో ఇదేమీ కనపడదు.

మాస్టారు ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. కాగితం మీద మోసగాడి నంబరు పూర్తిగా రాయలేదు. ఆ కాగితం ఫొటో గ్రూపులో పెడితే ఎవరో ఒకరు తొందరపడి ఫోన్ చేస్తారని. అందుకే అసలు మెసేజ్‌ని ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దన్నారు. ఫార్వర్డ్ చేస్తే నంబరు మీద వేలు తగిలితే చాలు, ఫోన్ కలిపే తెర వచ్చేస్తుంది.

మర్నాడు ఆ రెండు నంబర్ల మీదా నేను టెలికాం శాఖవారి sancharsaathi.gov.inలో "చక్షు" అనే విభాగంలో ఫిర్యాదు చేశాను. మెసేజ్ వచ్చిన తేదీ, సమయం, స్క్రీన్‌షాట్ అడుగుతుంది. మెసేజ్ వచ్చిన 30 రోజుల లోపు చేయాలి. అది ఇలా అనుమానం వచ్చి, డబ్బు పోనివాళ్లకి. ఎవరికైనా డబ్బు పోతే మాత్రం అక్కడ కాదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారిపోతూ ఉంటుంది కాబట్టి ఆ మొదటి గంటలే కీలకం.

మాస్టారూ, నాన్న మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు సంధ్య పూజకి లేవబోతున్నారని అమ్మ చెప్పింది. అది ఆపుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, మా కోసం అంత ఓపిగ్గా రాశారు. నాన్న చదవలేని భాషలో వచ్చినదాన్ని ఆయన చదవగలిగేలా చేసి, నిర్ణయం ఆయన చేతికే వదిలేశారు. ఆయన్ని తెలియనివాడిలా చూడలేదు. దానికి ప్రత్యేకంగా నమస్కారం.

ఊళ్లోవాళ్లెవరికైనా ఇలాంటి మెసేజ్ వస్తే తనకి చూపించొచ్చని మాస్టారు అన్నారు, ఈ మాట అందరికీ చెప్పమన్నారు కూడా. ఉదయం పదింటి నుంచి పన్నెండు దాకా, సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉంటారు. వెళ్లేముందు తెర మొత్తం వచ్చేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. కరెంటుదైతే పాత బిల్లు, బ్యాంకుదైతే పాస్‌బుక్కు వెంట తీసుకెళ్లండి.