ఆ బల్ల మీద ఫైలు ఉందా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వార్త మీద ఈ ఉత్తరం. రెండో తరగతి టీచరు సెలవు పెడితే బదులుగా వచ్చిన కుర్రాడు పిల్లల్ని అదుపు చేయలేక మధ్యాహ్నానికే చేతులెత్తేశాడని, తల్లిదండ్రులు గేటు దగ్గర గొడవ చేశారని రాశారు కదా, అదే. వెంటనే రాద్దామనుకున్నాను. కోపం తగ్గాక రాయమని మా ఇంట్లో వాళ్లు ఆపారు. పది రోజులైనా తగ్గలేదు.

ఆ వార్తలో ఆ అబ్బాయి వయసు రాశారు, అనుభవం లేదని రాశారు, పిల్లలు బల్లలెక్కారని మూడుసార్లు రాశారు. పొద్దున అతను తరగతిలోకి అడుగుపెట్టినప్పుడు టీచరు బల్ల మీద అతని కోసం ఏమైనా పెట్టి ఉందా అని మాత్రం మీ విలేకరి అడగలేదు. ముక్కూమొహం తెలియని 32 మంది ఏడేళ్ల పిల్లల మధ్యకు ఒక మనిషిని ఉత్త చేతులతో పంపి, సాయంత్రం అతనికి క్రమశిక్షణ నేర్పడం రాదని తేల్చేశారు. బాగుంది.

నేను చిన్న తరగతులకే పాఠం చెప్పి రిటైరయ్యాను. మా రోజుల్లో ప్రతి క్లాసు టీచరూ ఒక ఫైలు సిద్ధంగా ఉంచేది. దానికి గొప్ప పేరేమీ లేదు, 'నేను రాని రోజు ఫైలు' అనేవాళ్లం. మా రోజుల్లో అంతా సవ్యంగా ఉండేదని చెప్పబోవడం లేదు, నా ఫైలే ఒకసారి నిలువునా ముంచింది. ఆ సంగతి చెబితేనే ఫైలంటే ఏమిటో తెలుస్తుంది.

ఒక రాత్రి జ్వరం వచ్చి పొద్దుటికి లేవలేకపోయాను. నా బదులు వెళ్లిన అమ్మాయికి ఫైలు అందింది. అందులో సీటింగ్ ప్లాన్ ఉంది, రంగు పెన్నులతో చక్కగా గీశాను. నాలుగు వరుసలు, వరుసకు నాలుగు బెంచీలు, బెంచీకి ఇద్దరు. అయితే దాన్ని పిల్లలు నల్లబల్లను చూసే దిక్కు నుంచి, అంటే ముందు బెంచీలు కాగితం పైభాగంలో వచ్చేలా గీశాను. ఆ అమ్మాయి నల్లబల్ల దగ్గర నిలబడి, పిల్లల వైపు తిరిగి, కాగితం చేతిలో పట్టుకుంది. తనకు దగ్గరగా ఉన్న బెంచీలు కాగితం కిందివేననుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. దాంతో ముందు బెంచీ పిల్లల పేర్లు వెనక బెంచీ వాళ్లకు, ఎడమ మూల పేరు కుడి మూలకు వెళ్లిపోయాయి. 32 మందిలో ఒక్క పేరు కూడా సరైన పిల్లవాడి మీద పడలేదు. పిల్లలకు పండగే! తప్పు పేరుతో పిలిచినా "ఉన్నాను టీచర్" అన్నారు. కళ్లద్దాల పిల్లను ముందు కూర్చోబెట్టమని రాసిన గుర్తు వెనక బెంచీలో ఎవరికో పోయింది. అరగంట హాజరుకే సరిపోయింది. అరగంట నవ్విన రెండో తరగతిని మళ్లీ దారిలో పెట్టడం నావల్ల కూడా కాదు.

ఆ తర్వాత నుంచి ప్లాను గీసేటప్పుడు నల్లబల్ల దగ్గర నిలబడి, తరగతిని చూస్తూ గీసేదాన్ని. కాగితం అడుగున 'నల్లబల్ల, మీరు ఇక్కడ నిలబడ్డారు' అని రాసి, తలుపునూ కిటికీలనూ గుర్తు పెట్టేదాన్ని. తలుపు ఎటుందో కనిపిస్తే కాగితం తిరగబడి ఉందేమో వచ్చినవాళ్లకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. పేర్లు పెన్సిలుతోనే, పక్కన తేదీ. సీట్లు మార్చిన రోజే పేర్లు మార్చాలి, 'తర్వాత చూద్దాం' అంటే ఆ తర్వాత రోజే జ్వరం వస్తుంది. పేరు పక్కన ఒకటి రెండు మాటలు చాలు: ఒకరికి 'ఎడమచేతి వాటం, బెంచీకి తన ఎడమ కొసన కూర్చోవాలి', లేకపోతే పక్కవాడి మోచేయి తగిలి ఇద్దరూ రాయరు. ఇంకొకరికి 'కుడి చెవి సరిగా వినబడదు'. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో కూడా. ఆయాసం మందు ఎవరికి, అది ఎక్కడుంది, ఏది తింటే ఎవరికి పడదు అనేవి ప్లాను మీద రాయకూడదు, అది పిల్లల కళ్లబడే కాగితం. వాటికి వేరే కాగితం, ఫైలులో అన్నిటికంటే ముందు, మడిచి, పైన 'ముందు ఇది చదవండి' అని. సాయంత్రం ఎవరు ఎవరితో ఇంటికి వెళ్తారో కూడా అందులోనే. పిల్లవాడు "ఇవాళ మా బాబాయి వస్తాడు టీచర్" అంటే ఆఫీసులో అడగకుండా పంపవద్దని రాసేదాన్ని.

ఇక రోజువారీ అలవాట్లు. ఈమధ్య ఒక టీచరమ్మ రాసిన ఫైలు చూశాను. 'పిల్లలను వరుసలో నిలబెట్టి క్రమశిక్షణతో భోజనానికి తీసుకువెళ్లాలి' అని ఉంది. తీసుకువెళ్లాలని ఎవరికి తెలియదు? ఎలా అన్నది కదా కావాలి! నేనైతే ఇలా రాసేదాన్ని: 'నేను రెండుసార్లు చప్పట్లు కొడతాను, వాళ్లు మూడుసార్లు కొట్టి చేతులు బల్ల మీద పెడతారు. అప్పుడు "తలుపు పక్క వరుస" అంటాను. ఆ వరుస మాత్రమే లేస్తుంది.' టీచరు నోట రోజూ వచ్చే మాటే కాగితం మీద ఉండాలి. కొత్త మనిషి ఆ మాటే అంటే పిల్లల కాళ్లు వాటంతటవే కదులుతాయి. వేరే మాటంటే "మా టీచర్ ఇలా చెప్పదు" అని మొదలవుతుంది, దానికి అంతుండదు. రోజంతా ఇంత వివరంగా రాయక్కర్లేదు. మొదటి ఇరవై నిమిషాలు, బాత్రూముకు పంపే పద్ధతి, భోజనం బెల్లు, ఇంటికి పంపడం, ఈ నాలుగు చాలు. అనుమానం వస్తే అడగడానికి ఇద్దరు పిల్లల పేర్లు కూడా రాసేదాన్ని. తరగతిలో తెలివైన వాళ్లవి కావు. వాళ్లు అప్పటికప్పుడు కొత్త రూలు పుట్టించగలరు. మెల్లగా మాట్లాడే, ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇద్దరివి.

పనుల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. 'ఆగిపోయిన పాఠం కొనసాగించండి' అని రాసి పోవడం. నేనూ రాశాను, ఆ జ్వరం రోజే. అప్పు తెచ్చుకునే తీసివేతలు అప్పుడే మొదలుపెట్టాను. పాపం ఆ అమ్మాయి తనకు చిన్నప్పుడు నేర్పిన పద్ధతిలో చెప్పింది. నేను పుల్లల కట్టలతో, ఒక పదిని విప్పి పది ఒకట్లు చేసి చూపిస్తూ ఉన్నాను. పిల్లలకు రెండూ కలగలిసిపోయాయి. తిరిగొచ్చి నోటుపుస్తకాలు తెరిస్తే 52లోంచి 27 తీసేస్తే సగం మందికి 35 వచ్చింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిప్పేసి ఏడులోంచి రెండు తీసేశారు. 25 రావాలని వాళ్లకు మళ్లీ ఒప్పించడానికి వారం పట్టింది. ఒక్కరోజు సెలవుకు వారం వడ్డీ!

అందుకని ఫైలులో పెట్టే పని పిల్లలకు ముందే వచ్చినదై ఉండాలి. రెండు వాక్యాలు చెబితే మొదలుపెట్టగలగాలి, పదిహేను నిమిషాల్లో ముగియాలి. ఆ వయసు వాళ్లు అంతకంటే కూర్చోరు. జిరాక్సు, కత్తెర, జిగురు అవసరం పడకూడదు, జిరాక్సు గది తాళంచెవి ఎవరి దగ్గరుందో కొత్తవాళ్లకు తెలియదు. ఉదాహరణకు నా ఫైలులో ఎప్పుడూ ఉండే పని: ఇద్దరికో కవరు, అందులో 3, 5, 8 అని రాసిన మూడు అట్టముక్కలు. రెండేసి ముక్కలు పక్కపక్కన పెట్టి ఎన్ని సంఖ్యలు వస్తాయో రాయాలి, తర్వాత చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పెట్టాలి. జవాబు కవరు వెనకే ఉంటుంది: 35, 38, 53, 58, 83, 85, మొత్తం ఆరు. ముక్కలివ్వకుండా నోటితో చెబితే 33 అని రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు, అది తప్పా ఒప్పా అని వాదన మొదలవుతుంది. చేతిలో ఉన్న 3 ఒక్కటే అయితే ఆ వాదనే రాదు. ముందు ముగించిన వాళ్లకు ఇంకో ముక్క, 0. సున్నా ముందు పెడితే ఏమవుతుందో వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు, ఆ కాసేపు గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఇలాంటివి ఆరు పనులుంటే రోజు గడుస్తుంది. ఒకటి కథ చదివి వినిపించేది, ఎక్కడ ఆగి 'తర్వాత ఏమవుతుంది?' అని అడగాలో పుస్తకంలోనే పెన్సిలు గీత పెట్టి ఉంచాలి. నోటుపుస్తకాలు దిద్దమని మాత్రం వచ్చినవాళ్లను అడగకూడదు. పిల్లలు ఎక్కడ తప్పారో చూడాల్సింది వాళ్ల టీచరే.

ఫైలు తయారయ్యాక పక్క సెక్షను టీచరు చేతికిచ్చి, నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నా ఫైలులో లేని సంగతే. నన్ను మొదటిసారి పదకొండు అడిగింది.

ఇదంతా చేయడానికి ఒక సాయంత్రం, ఆ తర్వాత నెలకోసారి పది నిమిషాలు పడుతుంది. ఆ సాయంత్రం మన టీచర్లకు ఎక్కడిది? తనిఖీకి వచ్చే అధికారి పాఠ్య ప్రణాళిక అడుగుతాడు, రిజిస్టర్లు అడుగుతాడు, నిన్న పంపిన లెక్కలే ఇవాళ ఇంకో ఫారంలో మళ్లీ అడుగుతాడు. గోడ మీద చార్టులు లెక్కపెడతాడు. నా సర్వీసు మొత్తంలో ఒక్క అధికారి కూడా "రేపు మీరు రాకపోతే ఈ పిల్లల సంగతేమిటి?" అని అడగలేదు. ఏ కాలమ్‌లో నింపాలో తెలియని ప్రశ్న కదా! చివరకు ఒక రోజు బల్లలెక్కిన పిల్లల ఫొటో పేపర్లో పడితే, అందరూ కలిసి ఆ కుర్రాడి మీద పడతారు. అతని మీద విచారణ కూడా వేశారట, మీ పేపర్లోనే చదివాను. విచారణ చేసేవాళ్లయినా ఆ టీచరు బల్ల సొరుగు తెరిచి చూస్తారేమో చూడాలి.

ఉత్తరం పొడవైంది, మీరు కత్తిరిస్తారని తెలుసు. కత్తిరించక తప్పకపోతే అధికారుల మీద రాసింది తీసేయండి, వాళ్లెలాగూ చదవరు. సీటింగ్ ప్లాను ఎటు నిలబడి గీయాలో రాసిన భాగం మాత్రం ఉంచండి.

ఇట్లు,
రెండో తరగతి రిటైర్డు టీచరు