ర్యాక్ ఒక్కో అర 2000 కేజీలు మోస్తుందని అమ్మి, బీమ్ వంగాక మాట మార్చడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ వారికి,

నమస్కారం. మీ ర్యాక్‌లో పై అర బీమ్‌లు వంగిపోయాయని రాస్తే, మేమే ఓవర్‌లోడ్ చేశామని ఒక్క లైన్‌లో తేల్చేశారు. ఆ లెక్క ఎలా వేశారో నాకు అస్సలు అర్థం కాలేదు, అందుకే నా లెక్క మీ ముందు పెడుతున్నాను.

అర మీద రెండు ప్యాలెట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో దాని మీద వరుసకు 3 చొప్పున 6 వరుసలు, అంటే 18 బస్తాలు. బస్తా సంచితో సహా 50 కేజీలు, కాటా వేసి చూసిందే. రెండు ప్యాలెట్ల మీద 36 బస్తాలకు 1800 కేజీలు, చాలామంది వదిలేసే ప్యాలెట్ల సొంత బరువు ఒక్కోటి 25 కేజీల చొప్పున కలిపితే మొత్తం 1850. మీరు బిగించిన ప్లేట్ మీద 2000 అని ఉంది, మీ కొటేషన్‌లో అయితే 'ఒక్కో అరకు' అని కూడా స్పష్టంగా రాసి ఉంది.

ఇప్పుడేమో ఆ 2000 రెండు అరలకూ కలిపి అంటున్నారు! అలాగైతే అరకు వచ్చేది 1000, ప్యాలెట్లు పోను 19 బస్తాలే. అసలు ఈ వాదన బీమ్‌కి ఎలా వర్తిస్తుంది? కింది అర బరువు దాని బీమ్‌ల నుంచి నేరుగా నిలువు స్తంభాల్లోకి పోతుంది, పై బీమ్‌ని తాకదు. రెండు అరల బరువూ కలిపి చూడాల్సింది స్తంభాలకి. మా స్తంభాలు తూకం గుండు వేసి చూస్తే నిటారుగానే ఉన్నాయి, వంగింది బీమ్‌లే.

ఎంత వంగిందో కూడా చూడండి. బీమ్ పొడవు 2700 మిల్లీమీటర్లు. పూర్తి లోడ్‌తో పొడవులో 200వ వంతు వరకు, అంటే 13.5 మిల్లీమీటర్ల దాకా కుంగితే సరే అనుకుంటాం. ఈ చివర నుంచి ఆ చివరికి దారం లాగి కొలిస్తే మధ్యలో 24 వచ్చింది. నాకు అసలు టెన్షన్ పెట్టింది అది కాదు, బస్తాలన్నీ దింపేశాక కూడా 9 మిల్లీమీటర్ల వంపు అలాగే ఉండిపోయింది. లోడ్ తీస్తే తిరిగి తిన్నగా కావాల్సిన ఉక్కు అలా నిలిచిపోయిందంటే, మీరు చెప్పిన 2000 లోపలే అది తట్టుకోలేని స్థితికి చేరిందని అర్థం. బస్తాలన్నీ మధ్యలో కుప్ప పోసి ఉంటే మీ మాటకి కొంత బలం ఉండేది, ఎందుకంటే అదే బరువు ఒక్కచోట పడితే వంచే బలం రెట్టింపవుతుంది. కానీ ఇక్కడ లోడ్ పొడవంతా పరుచుకునే ఉంది, ఫోటోలు జత చేశాను.

ఆ బీమ్‌ల ఉక్కు మందం, సైజుతో సహా లోడ్ చార్ట్ పంపండి. వంగిన జతను మీ ఖర్చుతో మార్చండి. మిగతా అన్ని బీమ్‌లనూ మీ ఇంజనీరు వచ్చి కొలవాలి, ప్లేట్ మీద 'ఒక్కో అరకు, సమంగా పరిచిన లోడ్' అని పూర్తిగా రాయాలి. కింద మనుషులు తిరిగే చోటు కాబట్టి పై అరలన్నీ ఖాళీ చేయించాను, ఈ పనులు అయ్యేదాకా వాటి మీద ఒక్క బస్తా కూడా పెట్టనివ్వను.

ఇట్లు,
గోడౌన్ ఇన్‌చార్జి